ఉబ్బిన కణం చచ్చినట్టా, బతికినట్టా?

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. కణం ఉబ్బడం రివర్సిబుల్ గాయమని పాఠంలో ఉంది. నెక్రోసిస్ పట్టికలోనూ ఉబ్బడమే ఉంది. మైటోకాండ్రియా ఉబ్బడం కూడా అంతే. పొర మీద బుడగలైతే అపోప్టోసిస్‌తో కలిపి మూడు చోట్లా ఉన్నాయి. నాలుగు ఆప్షన్ల ప్రశ్న వస్తే ప్రతిసారీ తప్పుతున్నాను. అసలు దేన్ని చూసి తేల్చుకోవాలి?

సమాధానం:

ఉబ్బడాన్ని చూసి తేల్చుకోకండి. అది గాయం తగిలిందని మాత్రమే చెబుతుంది, ఎంత లోతుగా తగిలిందో చెప్పదు. తేల్చేవి రెండు విషయాలు. ఒకటి, ఆక్సిజన్ తిరిగి అందించినా మైటోకాండ్రియా మళ్ళీ ఏటీపీ తయారు చేయలేని స్థితికి చేరడం. రెండోది, కణపొర చిల్లులు పడి లోపలి సరుకు బయటికి, బయటి కాల్షియం లోపలికి పారడం. ఈ రెండూ జరగకపోతే కణం ఎంత ఉబ్బినా రివర్సిబుల్, జరిగితే ఇర్రివర్సిబుల్. అపోప్టోసిస్ ఈ గీత మీద ఉండే మూడో మెట్టు కాదు. అది వేరే దారి. అక్కడ కణం ఉబ్బదు, కుంచించుకుపోతుంది, పొర చివరిదాకా చిరగదు.

పట్టికలు బట్టీ పట్టినవాళ్ళే ఈ ప్రశ్నల్లో ఎక్కువగా తడబడటం పాథాలజీ చెబుతున్న ఈ ఇరవై ఏళ్ళలో చూస్తూనే ఉన్నాను. పట్టికలో పక్కపక్క గడుల్లో ఉన్నవి నిజానికి ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి. అందుకే నేను క్లాసులో పట్టిక వేయను. ఒక్క గుండె కండర కణాన్ని తీసుకుని, దాని రక్తనాళం మూసుకున్న నిమిషం నుంచి గడియారం పట్టుకుని కూర్చుంటాను. మీరూ అలాగే చూడండి.

నాళం మూసుకున్న కొన్ని సెకన్లకే ఆక్సిజన్‌తో జరిగే ఏటీపీ తయారీ పడిపోతుంది. మొదట ఖర్చయ్యేది చేతి నిల్వ, అంటే క్రియేటిన్ ఫాస్ఫేట్. (భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1927లో బయటపెట్టిన పదార్థం ఇదే. ఏటీపీని కూడా ఆ ప్రయోగశాల వేరుగా కనుగొంది. ఈ పాఠం చెప్పే ప్రతిసారీ ఆయన పేరు చెప్పకుండా ఉండలేను.) ఒకటి రెండు నిమిషాల్లోనే ఆ కణం ముడుచుకోవడం మానేస్తుంది. ఇక్కడే చాలామంది మొదటి తప్పు చేస్తారు. పని ఆగడం వేరు, ప్రాణం పోవడం వేరు. సంకోచం ఆగిపోయిన ఆ కణం ఇంకా పూర్తిగా బతికే ఉంది.

పది నిమిషాలకు ఏటీపీ దాదాపు సగానికి దిగుతుంది. ఇప్పుడు పొర మీది సోడియం పంపుకు ఇంధనం చాలదు. సోడియం లోపలే నిలిచిపోతుంది, దాని వెంట నీరు వస్తుంది. ఇదే మీ పాఠంలోని ఉబ్బు. నీరు సైటోప్లాజంలోనే ఆగదు కాబట్టి ఎండోప్లాస్మిక్ రెటిక్యులం కూడా సంచుల్లా సాగుతుంది, దాని మీద అతుక్కున్న రైబోజోములు ఊడిపోతాయి, ప్రోటీను తయారీ తగ్గుతుంది. మైటోకాండ్రియా కూడా ఉబ్బుతుంది. లోపల చిన్న చిన్న ముదురు చుక్కలు కనబడవచ్చు. మరోపక్క కణం గ్లైకోజెన్‌ను కరిగించి ఆక్సిజన్ లేకుండానే కాస్త ఏటీపీ రాబట్టుకుంటుంది. దాంతో గ్లైకోజెన్ తరిగిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఆ ఆమ్లతకు కేంద్రకంలోని క్రోమాటిన్ గడ్డకట్టినట్టు అవుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ వెనక్కి వస్తాయి. వీటన్నిటికీ ఒక్కటే మూలం: ఇంధనం కొరత. ఇంధనం తిరిగి వస్తే పంపు నడుస్తుంది, సోడియం బయటికి పోతుంది, నీరు దాని వెంటే పోతుంది. ఈ ఒక్క తర్కం పట్టుకుంటే రివర్సిబుల్ మార్పుల జాబితా కంఠస్థం చేయనక్కరలేదు. ప్రతి మార్పు దగ్గరా ఆగి, ఏటీపీ మళ్ళీ దొరికితే ఇది సర్దుకుంటుందా అని అడగండి.

మరి ఎప్పటికి దాటిపోతుంది? దీనికి జవాబు ఊహ కాదు, కుక్కల గుండెల మీద జెన్నింగ్స్, రైమర్ చేసిన ప్రయోగాల్లోంచి వచ్చింది. ఎడమ సర్కంఫ్లెక్స్ ధమనిని కట్టి, కొంతసేపటికి విప్పి, ఆ కండరం ఏమైందో చూశారు. పదిహేను నిమిషాలకు విప్పిన గుండెల్లో కణాలు కోలుకున్నాయి. నలభై నిమిషాలకు విప్పిన వాటిలో గోడ లోపలి పొరలో పెద్ద భాగం చచ్చిపోయింది. మూడు గంటలు, ఆరు గంటలు ఆగి విప్పితే ఆ చావు లోపలి నుంచి బయటి పొర వైపు అలలా పాకింది. 1977లో అచ్చయిన ఆ అల బొమ్మే ఇవాళ గుండెపోటులో నాళాన్ని వీలైనంత త్వరగా తెరవాలనడానికి ఒక మూలం. గుండె కణానికి 20 నుంచి 40 నిమిషాలు అని పుస్తకాల్లో ఉండే అంకె కూడా ఇక్కడిదే. నలభై నిమిషాలకు ఏటీపీ మామూలులో పదో వంతుకు చేరుతుంది.

ఈ అంకెను అన్ని కణాలకూ అంటించకండి. మెదడు న్యూరాన్లు మూడు నుంచి ఐదు నిమిషాలే ఓర్చుకుంటాయి, కాళ్ళ కండరం గంటల తరబడి తట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ నలభై నిమిషాల కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడదాం. మైటోకాండ్రియా ఇంకా ఉబ్బే ఉంది. కానీ దాని మ్యాట్రిక్స్‌లో ఇప్పుడు పెద్ద, దూది ఉండల్లాంటి, అంచు తేలని ముదురు ముద్దలు ఉన్నాయి. కణపొరలో తెగిన చోట్లు ఉన్నాయి. మైటోకాండ్రియా ఉబ్బడం రెండు చోట్లా ఉంటుంది, ఆ పెద్ద ముద్దలు మాత్రం దాటిపోయిన కణంలోనే ఉంటాయి. ప్రశ్నలో 'చిన్న' చుక్కలు అన్నారా, 'పెద్ద' ముద్దలు అన్నారా అని రెండుసార్లు చదవండి. ఆ ఒక్క విశేషణంలోనే మార్కు ఉంది.

క్రోమాటిన్ విషయంలోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. ఆమ్లతకు క్రోమాటిన్ గడ్డకట్టడం రివర్సిబుల్. కేంద్రకమంతా కుదించుకుపోయి సిరాబొట్టులా మారితే అది పిక్నోసిస్, ముక్కలైతే కేరియోరెక్సిస్, కరిగి రంగు వెలిసిపోతే కేరియోలిసిస్. ఈ మూడూ చావు గుర్తులు.

ఇక అసలు చిక్కు చెబుతాను. కణం చచ్చిన క్షణానికీ, చచ్చినట్టు కనిపించే క్షణానికీ మధ్య గంటల దూరం ఉంటుంది. నేను చూసిన ఒక కేసులోంచి చెప్పాలి.

యాభై దాటిన మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి ఛాతీలో నొప్పి మొదలైంది, ఆస్పత్రికి చేరిన కాసేపటికి, ఏడున్నర ప్రాంతంలో చనిపోయాడు. శవపరీక్షలో గుండె మా ముందుకు వచ్చింది. పైకి చూస్తే కండరం మామూలుగానే ఉంది. ముందువైపు దిగే కరోనరీ ధమనిని అడ్డంగా కోసుకుంటూ పోతే ఒక చోట తాజా గడ్డ ఉంది. నాతో ఉన్న పీజీ విద్యార్థి సూక్ష్మదర్శినిలో చూసి 'కండరంలో ఇన్‌ఫార్‌క్ట్ లేదు' అని రాశాడు. అతను చూసింది తప్పు కాదు. కేంద్రకాలు చక్కగా ఉన్నాయి, అడ్డచారలు ఉన్నాయి, న్యూట్రోఫిల్ ఒక్కటీ లేదు. ఒక అంచున మాత్రం పోగులు అలలు అలలుగా వంగి ఉన్నాయి. తప్పు అతని ముగింపులో ఉంది.

గుండెను ఫార్మలిన్‌లో పూర్తిగా వేయకముందే సెంటీమీటరు మందాన కొన్ని ముక్కలు తీసి ఉంచాను. వాటిని టీటీసీ ద్రావణంలో, శరీర వేడి దగ్గర, పావుగంట పైగా ఉంచాం. బతికున్న కండరంలో డీహైడ్రోజినేస్ ఎంజైములు ఉంటాయి, అవి ఆ రంగులేని ద్రావణాన్ని ఇటుక ఎరుపుకు మారుస్తాయి. చచ్చిన కణానికి పొర చిల్లులు పడి ఆ సరంజామా కారిపోయి ఉంటుంది కాబట్టి రంగు రాదు. ముక్క అంతా ఎర్రబడింది. ఎడమ జఠరిక ముందు గోడ మీద మాత్రం అరచేతిలో సగమంత చోటు పాలిపోయి మిగిలింది. విద్యార్థి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ పరీక్ష కూడా మొదటి నిమిషం నుంచి పనిచేయదు. నొప్పి మొదలై రెండు మూడు గంటలైనా గడవాలి. ఆ మనిషి ఇంకా ముందే, గంటలోపే పోయి ఉంటే టీటీసీ కూడా మమ్మల్ని మోసం చేసేది. మామూలు స్లైడులో కోయాగులేటివ్ నెక్రోసిస్ కనబడటం మొదలవడానికి నాలుగు గంటలైనా పడుతుంది, కొట్టొచ్చినట్టు కనబడాలంటే ఇంకా ఎక్కువ. అంటే 40 నిమిషాలకు చచ్చిన కణం స్లైడులో కొన్ని గంటలపాటు బతికున్న వేషంలోనే ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెట్టకపోయారా అని అడుగుతారేమో. శవంలో కణాలు తమంతట తాము కుళ్ళే ఆటోలిసిస్ కూడా మైటోకాండ్రియాను చెడగొడుతుంది, అందుకే శవపరీక్షలో దాన్ని నమ్మి చెప్పడం కష్టం.

రోగి బతికుండగా మనం ట్రోపోనిన్ చూసేది కూడా ఆ చిల్లుల వల్లే. గుండె కణం లోపల ఉండాల్సిన ప్రోటీను రక్తంలోకి వచ్చిందంటే పొర కట్టుతప్పినట్టు. ఇన్‌ఫార్‌క్ట్ ప్రశ్నల్లో ఎంజైముల లీకేజీని ఇర్రివర్సిబుల్ వైపు పెట్టడానికి కారణం ఇదే.

అపోప్టోసిస్‌కు వస్తాను, ఎందుకంటే మైటోకాండ్రియా దగ్గరే మీ గందరగోళంలో మిగిలిన సగం ఉంది. మైటోకాండ్రియాకు రెండు పొరలు. రంధ్రం ఏ పొరలో పడిందన్నదే చావు తీరును నిర్ణయిస్తుంది. కాల్షియం పేరుకుని లోపలి పొరలో పర్మియబిలిటీ ట్రాన్సిషన్ రంధ్రం తెరుచుకుని, అలాగే ఉండిపోతే, ఆ పొరకు అటూ ఇటూ ఉన్న విద్యుత్ తేడా పోతుంది. ఏటీపీ తయారీకి ఆ తేడానే ఆధారం. అది పోతే ఇంధనం లేదు, దారి నెక్రోసిస్ వైపే. అపోప్టోసిస్‌లో రంధ్రం పడేది బయటి పొరలో. బాక్స్, బాక్ అనే ప్రోటీనులు ఆ పొరలో చేరి దారి తెరుస్తాయి, రెండు పొరల మధ్య ఉన్న సైటోక్రోమ్ సి సైటోప్లాజంలోకి వస్తుంది, అక్కడ ఏపాఫ్-1తో కలిసి కాస్పేజ్-9ను, అది కాస్పేజ్-3ను మేల్కొలుపుతుంది. బీసీఎల్-2 ఈ తలుపు తెరుచుకోకుండా కాపలా కాస్తుంది. ఫాస్ గ్రాహకం ద్వారా బయటినుంచి వచ్చే దారి కూడా ఒకటుంది, అది చివరికి ఇదే కాస్పేజ్-3 దగ్గర కలుస్తుంది.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ఈ పనంతా చేయడానికి కణానికి ఏటీపీ కావాలి. అపోప్టోసిస్ అంటే ఇల్లు సర్దుకుని, మూటలు కట్టుకుని వెళ్ళిపోవడం. దానికి ఓపిక ఉండాలి. అపోప్టోసిస్ మొదలుపెట్టిన కణంలో మధ్యలో ఏటీపీ అడుగంటితే అది నెక్రోసిస్‌గా ముగుస్తుందని కణాలను పెంచి చేసిన ప్రయోగాల్లో తేలింది. ఇన్‌ఫార్‌క్ట్ మధ్యలో నెక్రోసిస్, అంచున కొంత అపోప్టోసిస్ ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అంచున ఇంకా కాస్త రక్తం, కాస్త ఇంధనం ఉంటాయి.

పంపు ఆగలేదు కాబట్టి అపోప్టోసిస్‌లో కణం ఉబ్బదు. నీరు కోల్పోయి చిన్నదవుతుంది, సైటోప్లాజం ముదురు గులాబీ రంగుకు వస్తుంది, క్రోమాటిన్ కేంద్రకపు అంచుకు చేరి చిక్కబడుతుంది. పొర లోపలి వైపు ఉండే ఫాస్ఫాటిడైల్‌సెరిన్ బయటి వైపుకు తిరుగుతుంది. పక్కనున్న మాక్రోఫేజ్‌కు అది 'నన్ను తీసుకుపో' అన్న చీటీ లాంటిది. సరుకు బయట ఒలకదు కాబట్టి వాపు ఉండదు, న్యూట్రోఫిల్స్ రావు.

మీరడిగిన బుడగల సంగతి ఇప్పుడు తేలిక. రివర్సిబుల్ గాయంలో బుడగ అంటే సైటోస్కెలిటన్ పట్టు వదిలిన చోట పొర పొంగడం, అంతే. ఇంధనం వస్తే అణిగిపోతుంది. నెక్రోసిస్‌లో ఆ బుడగే పెద్దదై పగులుతుంది. అపోప్టోసిస్‌లో బుడగ తెగి వేరుపడుతుంది, కానీ పొర చుట్టుకునే తెగుతుంది, లోపల మైటోకాండ్రియా, కేంద్రకపు ముక్కలు కూడా ఉండొచ్చు. బుడగలున్నాయా అని అడిగితే ఉపయోగం లేదు. ఆ బుడగ అణిగిందా, పగిలిందా, మూట కట్టుకుని వెళ్ళిందా అని అడగండి.

ఈ రెండు రకాల చావులను ఒకే అవయవంలో పక్కపక్కన చూడాలంటే కాలేయం మంచిది. అపోప్టోసిస్ అన్న భావన పుట్టింది కూడా అక్కడే. కెర్ ఎలుకల్లో పోర్టల్ సిర కొమ్మలను కట్టి చూస్తే, రక్తం అందక ఒక ప్రాంతం గంపగుత్తగా నెక్రోసిస్ అయింది. మిగిలిన చోట కణాలు ఒంటరిగా, ఒక్కొక్కటే గుండ్రటి ముద్దలై, వాపు లేకుండా మాయమయ్యాయి. ఆయన మొదట దాన్ని కుంచించుకుపోయే నెక్రోసిస్ అన్నాడు. 1972లో వైలీ, కర్రీలతో కలిసి రాసిన వ్యాసంలో అపోప్టోసిస్ అని పేరు పెట్టారు, గ్రీకులో ఆకులు రాలడమని అర్థం.

మీ కాలేజీ మ్యూజియంలో వైరల్ హెపటైటిస్ స్లైడు తప్పక ఉంటుంది, తీసి చూడండి. కొన్ని హెపటోసైట్లు బెలూన్లలా ఉబ్బి, సైటోప్లాజం వెలిసిపోయి ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడా చిన్న, గుండ్రటి, ముదురు గులాబీ ముద్ద కనిపిస్తుంది. కొన్నిసార్లు లోపల కేంద్రకపు చుక్క ఉంటుంది, చుట్టూ సన్నటి ఖాళీ ఉంటుంది. ఎల్లో ఫీవర్ కాలేయాల్లో కౌన్సిల్‌మన్ వర్ణించిన ముద్ద అదే, అది అపోప్టోసిస్. బెలూన్ కణం దగ్గర మాత్రం తొందరపడకండి. అది కోలుకునేదో, పగలబోయేదో ఆ ఒక్క కణాన్ని చూసి చెప్పలేం. పక్కన కణాలు రాలిపోయి రెటిక్యులిన్ చట్రం కూలిందా, అక్కడ వాపు కణాలు చేరాయా అన్నది చూసి చెబుతాం.

డీఎన్ఏ ప్రశ్న కూడా తరచు వస్తుంది. అపోప్టోసిస్‌లో ఎండోన్యూక్లియేజ్ న్యూక్లియోజోముల మధ్య కొలిచినట్టు కోస్తుంది, దాదాపు 200 బేస్ జతల గుణిజాల్లో ముక్కలు వస్తాయి, జెల్ మీద నిచ్చెన మెట్లలా కనబడతాయి. నెక్రోసిస్‌లో ఎక్కడబడితే అక్కడ తెగుతుంది కాబట్టి అలికినట్టు ఉంటుంది. పిక్నోసిస్ రెండింటిలోనూ రావచ్చు, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని అపోప్టోసిస్ అనో నెక్రోసిస్ అనో అనకండి. కేరియోలిసిస్ మాత్రం నెక్రోసిస్‌దే. మైలిన్ ఫిగర్లు కూడా రివర్సిబుల్‌లో కాస్త, నెక్రోసిస్‌లో ఎక్కువగా కనిపిస్తాయి, అందుకే అవి ఆప్షన్లలో ఉంటే దాదాపు ఎప్పుడూ ఎరే.

ఒక ప్రశ్న వేసి చూద్దాం. ఒక రోగికి ధమని మూసుకుంది, కొంతసేపటికి తెరిచారు. బయాప్సీని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఏది కనిపిస్తే ఆ కణం ఇక కోలుకోదని చెప్పవచ్చు? ఆప్షన్లు: గ్లైకోజెన్ తరిగిపోవడం, మైటోకాండ్రియా ఉబ్బడం, క్రోమాటిన్ గడ్డకట్టడం, కణపొర తెగి ఉండటం. మొదటిది ఇంధనం వెతుక్కున్న గుర్తు. రెండోది నీరు చేరిన గుర్తు, ముద్దల ప్రస్తావన లేదు. మూడోది ఆమ్లత గుర్తు. ఈ మూడూ ఏటీపీ వస్తే సర్దుకుంటాయి. తెగిన పొరను ఆ స్థితిలో ఉన్న కణం కుట్టుకోలేదు, నాలుగోదే జవాబు. ఇదే ప్రశ్నలో 'అన్నిటికన్నా ముందు కనబడే మార్పు' అని అడిగితే జవాబు మారిపోతుంది. మామూలు సూక్ష్మదర్శినిలో ముందుగా కనబడేది ఉబ్బడమే, అదీ ఒక్కో కణంలో పట్టుకోవడం కష్టం. మూత్రపిండం లాంటి అవయవం మొత్తంగా పాలిపోయి, బిగుతెక్కి, బరువు పెరగడంలోనే అది బాగా తెలుస్తుంది.

చివరగా ఒక మినహాయింపు, పై పరీక్షలకు వెళ్ళినప్పుడు పనికొస్తుంది. ప్రోగ్రామ్ ప్రకారం జరిగే చావు అన్నంత మాత్రాన అది అపోప్టోసిస్ కానక్కరలేదు. నెక్రోప్టోసిస్‌లో ఆర్‌ఐపీకే1, ఆర్‌ఐపీకే3 కైనేజులు ఆజ్ఞ ఇస్తాయి, ఎంఎల్‌కేఎల్ పొరకు చిల్లులు పొడుస్తుంది, కాస్పేజ్‌ల అవసరమే ఉండదు. చూడటానికి అచ్చం నెక్రోసిస్: ఉబ్బుతుంది, పగులుతుంది, వాపు తెస్తుంది. ప్రశ్నలో 'కాస్పేజ్‌తో పని లేని, ఆజ్ఞ ప్రకారం జరిగే చావు' అని ఉంటే అపోప్టోసిస్ మీద టిక్కు పెట్టకండి.

మీరు తప్పు చేసిన ప్రశ్నలు గుర్తుంటే ఆప్షన్లతో సహా కింద రాయండి. వాటిలో ఏ మాట మిమ్మల్ని పక్కదారి పట్టించిందో చూద్దాం.